ఆముదం, దొంతర, అగరబత్తి పొగ: ఒక ద్రవశాస్త్ర పాఠాన్ని తెలుగులోకి తెచ్చుకున్న వైనం



పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో ద్రవాల పాఠానికి వచ్చేసరికి మూడు మాటలు ఎదురవుతాయి: విస్కాసిటీ, లామినార్ ఫ్లో, టర్బులెన్స్. ఈ ఏడాది తెలుగు తరగతిలో పై తరగతుల పిల్లలతో కలిసి, ఈ మూడింటినీ వివరించే నాలుగు పేజీలను ఒక ఇంగ్లీషు పుస్తకం నుంచి తెలుగులో రాసుకున్నాం. నాలుగు పేజీలకు ఆరు వారాలు పట్టింది. ఏ మాట ఎందుకు పెట్టుకున్నామో, ఏ పోలిక ఎంతవరకు నిలబడిందో, ఎక్కడ తెగిపోయిందో ఈ వ్యాసంలో చెబుతున్నాం.

మన పిల్లల తెలుగు ఎలాంటిదో మనకు తెలుసు. విశాఖలో పుట్టి గౌహతిలో చదివినవారు ఒకరు, వరంగల్ నుంచి బయలుదేరి జోధ్‌పూర్, కొచ్చి తిరిగి వచ్చినవారు ఇంకొకరు. చాలామందికి తెలుగు చెవితో నేర్చిన భాష. పొయ్యి దగ్గరి మాటలు, పండగ మాటలు, అమ్మమ్మ ఫోనులో మాట్లాడే మాటలు బాగా వచ్చు. పుస్తకాల మాటలు రావు. కాబట్టి మేము ఒక నియమం పెట్టుకున్నాం. పాఠంలోని ప్రతి భావానికీ ఇంట్లో ఒక వస్తువు వెతకాలి. వెతికాక, ఆ వస్తువు ఎక్కడ అబద్ధం చెబుతుందో కూడా రాయాలి. రెండో సగమే కష్టమైంది.

విస్కాసిటీతో మొదలుపెట్టాం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీనికి స్నిగ్ధత అనే మాట స్థిరపడి ఉంది. హిందీ పుస్తకాలు చదివినవారికి శ్యానత అంటే తెలుస్తుంది. స్నిగ్ధమంటే నూనె రాసినట్టు నున్నగా ఉన్నది అని నిఘంటువు అర్థం. అది చెప్పగానే ఒక అబ్బాయి లేచి, "నున్నగా ఉంటే జారిపోవాలి కదా మేడమ్, మరి స్నిగ్ధత ఎక్కువైతే ద్రవం తొందరగా పారాలి కదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అసలు సంగతి దానికి సరిగ్గా తలకిందులు. స్నిగ్ధత ఎక్కువైన ద్రవం నెమ్మదిగా పారుతుంది. నూనె జాతి పదార్థాలు నీళ్ళకన్నా నిదానంగా కదులుతాయి గనుక ఆ మాట పెట్టి ఉంటారని మాకు తోచింది. కానీ మాటలోని నునుపు పిల్లవాణ్ణి తప్పుదారికి లాగుతుంది.

అయితే చిక్కదనం అందామా? అందరూ ముందు అదే అన్నారు. ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. తెలుగులో మనం చిక్కటి పాలు అంటాం, చిక్కటి పప్పు అంటాం, చిక్కటి చీకటి అని కూడా అంటాం. ఒకే మాట మూడు నాలుగు పనులు చేస్తోంది. పైగా డెన్సిటీకి మన పుస్తకాల్లో ఉన్న సాంద్రత అనే మాటకు కూడా సంస్కృతంలో చిక్కదనమే అర్థం. అందువల్ల చిక్కటిది బరువైనది, బరువైనది మునుగుతుంది అని పిల్లలు ఒక గొలుసు అల్లుకుంటారు. పరీక్షలో ఆ గొలుసు పట్టుకునే జవాబు రాస్తారు.

ఆ గొలుసు తెంపడానికి ఆముదం తెచ్చాం. మందుల దుకాణంలో చిన్న సీసా దొరుకుతుంది. గాజు గ్లాసులో సగం నీళ్ళు పోసి, పైనుంచి ఆముదం వంచండి. అది తొందరపడదు. తాడులా సాగుతూ, మెలికలు తిరుగుతూ దిగుతుంది. దిగి, నీటి మీద తేలుతుంది. లీటరు నీళ్ళు సుమారు ఒక కిలో తూగితే, లీటరు ఆముదం 960 గ్రాములే తూగుతుంది. అంటే సాంద్రతలో అది నీటికన్నా తక్కువ. కానీ 30 డిగ్రీల వేడిలో దాని స్నిగ్ధత నీటికి 560 రెట్ల వరకు ఉంటుంది. ఒక గ్లాసులోనే రెండు గుణాలూ విడివిడిగా కనబడ్డాయి. ఎంత బరువో ఒక ప్రశ్న, ఎంత మొండికేస్తుందో ఇంకో ప్రశ్న. (ప్రయోగం అయ్యాక ఆ ఆముదం తాగకండి. ఎందుకో అమ్మమ్మను అడిగితే చెబుతుంది.)

జిగట అనే మాట కూడా వచ్చింది. దాన్నీ పక్కన పెట్టాం. జిగట అంటే వేలికి అంటుకోవడం, అంటే ద్రవానికీ బయటి వస్తువుకూ మధ్య జరిగే సంగతి. స్నిగ్ధత ద్రవం తన లోపల తానే పడే తగవు. తేనెలో రెండూ కలిసి ఉంటాయి గనుక తేడా తెలియదు.

చివరికి పేరుగా స్నిగ్ధతనే ఉంచాం. పుస్తకాల్లో ఉన్న మాటను మేము మార్చితే, రేపు మీరు తెలుగు రాష్ట్రాల్లో ఏ పుస్తకం తెరిచినా ఆ మాట కొత్తగా కనిపిస్తుంది. వివరణలో మాత్రం 'ద్రవం లోపలి రాపిడి' అని రాసుకున్నాం. పక్కపక్క భాగాలు వేరువేరు వేగాలతో కదులుతుంటే, వేగంగా పోయేదాన్ని నెమ్మదిగా పోయేది వెనక్కి లాగుతుంది. నెమ్మదిగా పోయేదాన్ని వేగంగా పోయేది ముందుకు ఈడుస్తుంది. ఆ లాగులాటే స్నిగ్ధత.

రాపిడి అనగానే బదిలీల మీద తిరిగే మన ఇళ్ళలో ఒక వస్తువు గుర్తుకొస్తుంది. సామాన్లు నింపిన ఇనప పెట్టె. దాన్ని గచ్చు మీద తోసినప్పుడు, మొదట ఎంత తోసినా కదలదు. ఒక హద్దు దాటాక కదులుతుంది. కదిలాక నెమ్మదిగా తోసినా, కొంచెం తొందరగా తోసినా దాదాపు ఒకే బలం పడుతుంది. పోలిక తెగేది ఇక్కడే. బెల్లం పాకంలో గరిటె తిప్పి చూడండి. నెమ్మదిగా తిప్పితే చెయ్యి నొప్పి పుట్టదు, వేగంగా తిప్పితే పాకం ఎదురు తిరుగుతుంది. ద్రవంలో రాపిడి వేగాల తేడాతో పాటు పెరుగుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. పెట్టెకు ఉన్నట్టు ద్రవానికి మొండి హద్దు లేదు. పళ్ళెంలో తేనె ఒక పక్కన కుప్పగా పోసి వదిలేస్తే, ఎవరూ తోయకపోయినా తన బరువుకే మెల్లగా సర్దుకుని చదునవుతుంది. ఎంత చిన్న బలానికైనా లొంగుతుంది, కాకపోతే తీరిగ్గా లొంగుతుంది. ఇనప పెట్టె వాక్యం కింద ఈ రెండు తేడాలూ రాశాకే ఆ పోలికను పాఠంలో ఉంచాం.

పాకం మాట వచ్చింది గనుక దాని దగ్గర కాసేపు ఆగుదాం. లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం అని మన ఇళ్ళలో మెట్లు ఉన్నాయి. ఏ పరికరమూ లేకుండా అరిసెలు వండేవాళ్ళు స్నిగ్ధతను కొలుస్తున్నారన్నమాట. వాళ్ళు కొలిచే తీరు గమనించండి. మరుగుతున్న గిన్నెలోకి చూసి నిర్ణయించరు. ఒక చుక్క తీసి వేళ్ళ మధ్య సాగదీస్తారు, లేదా చల్లటి నీళ్ళున్న పళ్ళెంలో వేసి ఉండ కడుతుందా అని చూస్తారు. ఎందుకంటే గిన్నెలో వేడిగా ఉన్నప్పుడు పాకం పల్చగా కనిపించి మోసం చేస్తుంది. స్నిగ్ధత వేడిని బట్టి మారుతుంది. చల్లార్చి చూస్తేనే చివరికి అది ఎలా ఉండబోతుందో తెలుస్తుంది.

అయితే పాకం ముదరడంలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. నీరు ఆవిరై బెల్లం పాలు పెరగడం ఒకటి. అంటే పదార్థమే మారిపోతోంది. చల్లారినప్పుడు గట్టిపడటం రెండోది. వేడి ఒక్కటే మారితే ఏమవుతుందో చూడాలంటే మళ్ళీ ఆముదమే మేలు. అది 10 డిగ్రీల దగ్గర ఉన్న స్నిగ్ధతకు 30 డిగ్రీల దగ్గర అయిదో వంతే ఉంటుంది. జనవరిలో ఉత్తరాది క్వార్టర్సులో వంచిన సీసా, మేలో నెల్లూరులో వంచిన సీసా ఒకేలా పారవు. నీటికి కూడా ఈ గుణం ఉంది గాని అంత ఎక్కువగా కాదు. 10 డిగ్రీల నీరు 30 డిగ్రీల నీటికన్నా సుమారు 1.6 రెట్లు మొండిది.

ఇక్కడ ఒక అమ్మాయి కొబ్బరి నూనె ఉదాహరణ ఇచ్చింది. చలికాలంలో అది సీసాలో తెల్లగా బిగుసుకుంటుంది కదా అంది. చూడటానికి చక్కటి ఉదాహరణే గాని దాన్ని తీసుకోలేదు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అది ద్రవం ఘనంగా మారడం, నీరు మంచు కావడం లాంటిది. స్నిగ్ధత పెరగడం వేరు. ఆముదం చలిలోనూ ద్రవంగానే ఉండి మందగిస్తుంది.

ఇక లామినార్ ఫ్లో. దీని మీద మొదట మేము రాసుకున్న వాక్యం ఇలా ఉంది: "స్తరీయ ప్రవాహమందు ద్రవ స్తరములు పరస్పర సంక్షోభము లేక సమాంతరముగా చలించును." వ్యాకరణం సరిగానే ఉంది. చదివి వినిపిస్తే తరగతిలో ఒక్క ముఖమూ వెలగలేదు. 'పొరల ప్రవాహం' అని మార్చాం. తెలిసింది గాని, పొర అంటే ఉల్లిపొర ఒకటే కళ్ళముందుకు వచ్చింది. పొరలు ఒకదాని మీద ఒకటి జారడం అందులో కనిపించదు. అప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల 'దొంతర' అంది. కుండల దొంతర, అట్ల దొంతర. రేకుల వరుసలు ఎక్కువున్న మల్లెను దొంతర మల్లె అంటాం. ఒకదాని మీద ఒకటి పేర్చినవి అనే అర్థం మాటలోనే ఉంది. 'దొంతర ప్రవాహం' అని రాసి, పక్కన పుస్తకపు పేరుగా స్తరీయ ప్రవాహం అని పెట్టుకున్నాం.

చూపించడానికి ఇరవై నోటుపుస్తకాలు పేర్చాం. పై పుస్తకాన్ని అరచేత్తో పక్కకు తోస్తే, దాని కిందిది కొంచెం తక్కువ జరుగుతుంది, ఇంకా కిందిది ఇంకొంచెం తక్కువ. బల్లకు ఆనుకున్న పుస్తకం కదలనే కదలదు. దొంతర ప్రవాహంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. అన్ని పొరలూ ఒకే దిక్కుకు, ఒక క్రమంలో పోతాయి గాని ఒకే వేగంతో పోవు. చాలామంది చెప్పే పోలిక, అసెంబ్లీ నుంచి వరుసలుగా తరగతులకు వెళ్ళే పిల్లలు. దాన్ని మేము మొదట కొట్టేశాం. ఎందుకంటే ఆ వరుసలన్నీ ఒకే వేగంతో నడుస్తాయి. వేగాల తేడా లేకపోతే లాగులాట లేదు, లాగులాట లేకపోతే స్నిగ్ధతకు పని లేదు.

గోడకు ఆనుకున్న పొర కదలదన్న మాట నమ్మడం కష్టం. మీ ఇంటి సీలింగ్ ఫ్యాను ఆపి రెక్క మీద వేలితో రాసి చూడండి. నెలల తరబడి గిర్రున తిరిగిన రెక్క మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. అంత గాలి కోసుకుంటూ తిరిగినా ఆ దుమ్ము ఎగిరిపోలేదు. రెక్కను తాకి ఉన్న గాలి రెక్కతోపాటే తిరుగుతుంది. దాని మీద జారదు. సన్నటి దుమ్ము ఆ నిశ్చలమైన పొరలో దాక్కుంటుంది.

గొట్టంలో దొంతర ఎలా ఉంటుంది? అక్కడ పొరలు పుస్తకాల్లా బల్లపరుపుగా ఉండవు, ఒకదానిలో ఒకటి దూరిన గొట్టాల్లా ఉంటాయి. మడత గొడుగు కాడను లాగినప్పుడు లోపలి గొట్టం ముందుకు జారుతుంది కదా, అలా ఊహించుకోవచ్చు. గోడ దగ్గర వేగం సున్నా. నడిమధ్యన అన్నిటికన్నా ఎక్కువ. గుండ్రటి గొట్టంలో దొంతర ప్రవాహం కుదురుకున్నాక, నడిమి వేగం సగటు వేగానికి సరిగ్గా రెట్టింపు ఉంటుంది.

పుస్తకాల పోలిక ఎక్కడ తెగుతుంది? నిజమైన ద్రవంలో అట్టలు లేవు. పొర అనేది మనం లెక్క కోసం గీసుకున్న గీత. అణువులు ఆ గీత దాటి అటూ ఇటూ పోతూనే ఉంటాయి. ఇది చెప్పడానికి కొట్టేసిన అసెంబ్లీ వరుసలనే మళ్ళీ పిలిచాం. ఒక వరుస పరుగెడుతోంది, పక్క వరుస నడుస్తోంది అనుకోండి. పరుగెత్తే వరుసలోంచి ఒకడు నడిచే వరుసలోకి దూరితే ముందున్నవాణ్ణి నెట్టి వేగం పెంచుతాడు. నడిచేవాడు పరుగు వరుసలోకి పోతే వెనకవాళ్ళకు అడ్డు. అటూ ఇటూ మారేవాళ్ళు ఎక్కువైతే రెండు వరుసల వేగాలూ దగ్గరవుతాయి. గాలిలో స్నిగ్ధత ప్రధానంగా ఇలాగే పుడుతుంది. గాలి వేడెక్కితే అణువుల పరుగు పెరుగుతుంది, మార్పిడి పెరుగుతుంది, స్నిగ్ధత కూడా పెరుగుతుంది. అవును, పెరుగుతుంది. ఆముదానికి తలకిందులు. ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వేడి ఆ పట్టును సడలిస్తుంది. వాయువులో సడలించడానికి పట్టు దాదాపు లేదు. కాబట్టి 'వేడి చేస్తే పల్చబడుతుంది' అని రాసినచోట 'ద్రవాలలో' అనే మాట తప్పకుండా ఉండాలి.

మూడోది టర్బులెన్స్. దీనికి మాటలు ఎక్కువయ్యాయి: సుడి, అలజడి, కల్లోలం, సంక్షోభం. విమానంలో వచ్చే కుదుపు అనుకున్నవారూ ఉన్నారు. సుడి అనే మాట అందంగా ఉంది గాని ఒంటిగా చాలదు. సింకులో నీళ్ళు పోయేటప్పుడు ఒకే ఒక సుడి గుండ్రంగా, నున్నగా, కదలకుండా నిలబడుతుంది. అందులో క్రమం ఉంది. ఒక్క సుడి ఉన్నంత మాత్రాన టర్బులెన్స్ కాదు. పెద్ద సుడి చిన్న సుళ్ళుగా, చిన్నవి ఇంకా చిన్నవిగా విడిపోతూ, ఏ క్షణానా ముందటి క్షణంలా లేకుండా, అడ్డదిడ్డంగా కలిసిపోయే ప్రవాహం అది. చివరికి అతి చిన్న సుళ్ళను స్నిగ్ధతే అరగదీసి వేడిగా మార్చేస్తుంది. మేము 'సుళ్ళ కలబోత ప్రవాహం' అని రాసి, పుస్తకపు పేరు సంక్షుబ్ధ ప్రవాహం అని జోడించాం. కొంచెం పొడుగైంది. ఇంతకన్నా పొట్టి మాట మాకు దొరకలేదు.

దీనికి ఉదాహరణ పూజగదిలోనే దొరికింది. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, ఒక అగరబత్తి వెలిగించండి. మొదట కొంత ఎత్తువరకు పొగ దారం లాగా నిటారుగా పోతుంది. ఆపైన దారం అలలా ఊగుతుంది. ఇంకా పైకి పోయాక చిక్కులు పడి, సుళ్ళు తిరిగి చెదిరిపోతుంది. ఒకే పుల్ల, ఒకే పొగ, కింద దొంతర, పైన కలబోత. వేడిగాలి పైకి పోతున్నకొద్దీ వేగం అందుకుంటుంది, ఆ ధార వెడల్పు కూడా పెరుగుతుంది. ఈ రెండూ పెరిగితే క్రమం తప్పుతుంది. మీరు దగ్గరికి వెళ్ళి ఊపిరి వదిలితే ఇంకా కిందనే తప్పుతుంది, కాబట్టి దూరంగా కూర్చుని చూడండి.

వేగం, వెడల్పు పెరిగితే క్రమం తప్పుతుంది, స్నిగ్ధత ఎక్కువైతే నిలబడుతుంది. ఈ సంగతిని కొలిచి చూపినవారు ఇంగ్లండులోని మాంచెస్టరులో పనిచేసిన ఆస్బర్న్ రేనాల్డ్స్. 1883లో ఆయన ఒక గాజు గొట్టంలో నీళ్ళు పారనిచ్చి, మధ్యలో సన్నటి రంగు ధార వదిలారు. నీరు నెమ్మదిగా పోతున్నప్పుడు రంగు దారంలా చివరిదాకా పోయింది. వేగం పెంచుతూ పోతే ఒకచోట దారం హఠాత్తుగా చెదిరి గొట్టం నిండా రంగు అలుముకుంది. మాటలతో తంటాలు పడ్డ మాకు నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. ఆ వ్యాసం శీర్షికలో ఆయన వాడినవి లామినార్, టర్బులెంట్ అనే మాటలు కావు. డైరెక్ట్, సిన్యుయస్ అని రాశారు. అంటే తిన్నగా పోయేది, వంకరటింకరగా పోయేది. ఇంగ్లీషులోనూ ఇప్పటి మాటలు తరవాతే స్థిరపడ్డాయి.

ఆయన లెక్కను ఇలా రాస్తారు:

Re = v × d ÷ ν

ఇందులో v ప్రవాహపు సగటు వేగం, d గొట్టం లోపలి వ్యాసం. ν అనేది స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేది. ఈ Re ని రేనాల్డ్స్ సంఖ్య అంటారు. గుండ్రటి గొట్టంలో ఇది సుమారు 2000 లోపు ఉంటే దొంతర ప్రవాహం. 4000 దాటితే మామూలుగా కలబోత. మధ్యలో ఎటైనా మొగ్గవచ్చు.

మన స్నానాలగది కుళాయికి ఈ లెక్క వేద్దాం. గొట్టం లోపలి వ్యాసం 1.5 సెంటీమీటర్లు, బకెట్టు 15 లీటర్లు, నిండటానికి 2 నిమిషాలు. 15000 ఘన సెంటీమీటర్లను 120 సెకన్లతో భాగిస్తే సెకనుకు 125. గొట్టం అడ్డుకోత వైశాల్యం సుమారు 1.77 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి గొట్టంలో వేగం సెకనుకు సుమారు 71 సెంటీమీటర్లు. 30 డిగ్రీల నీటికి ఇవే కొలతల్లో ν విలువ 0.008. అప్పుడు Re = 71 × 1.5 ÷ 0.008, అంటే 13000 పైనే. గోడలోపల మన కంటికి కనపడని ఆ గొట్టంలో నీరు సుళ్ళు తిరుగుతూ వస్తోంది.

దొంతరగా రావాలంటే ఏం చెయ్యాలి? Re ని 2000కి దించితే వేగం సెకనుకు 11 సెంటీమీటర్లకన్నా తక్కువ కావాలి. అప్పుడు సెకనుకు 19 ఘన సెంటీమీటర్ల లోపే నీళ్ళు వస్తాయి. బకెట్టు నిండటానికి 13 నిమిషాలు. స్కూలు బస్సు ఆగదు! చలి ఊళ్ళో, 10 డిగ్రీల నీటికి ν 0.013 గనుక దొంతరగానే 8 నిమిషాల్లో నింపవచ్చు. అదే గొట్టంలో ఆముదాన్ని అదే 71 సెంటీమీటర్ల వేగంతో తోయగలిగితే Re 25 కూడా దాటదు. నిశ్చింతగా దొంతర ప్రవాహమే, తోయడానికి కావలసిన పంపు మాత్రం వేరే ఉండాలి.

లెక్క చూసి ఒక అబ్బాయి కుళాయిని సన్నగా తిప్పి, కిందికి దిగే ధార గాజుకడ్డీలా ఉంది కాబట్టి అది దొంతర ప్రవాహమే అన్నాడు. చాలావరకు ఒప్పుకోవచ్చు. కానీ ఆ ధార కొంత దూరం దిగాక బొట్లుబొట్లుగా తెగుతుంది. దాన్ని చూసి టర్బులెన్స్ అనుకోకూడదు. అది నీటి ఉపరితలపు బిగువు చేసే పని, వేరే పాఠం. ఇంకొకటి, 2000 అనేది రాతిమీద గీత కాదు. లోనికి వచ్చే నీటిని ఏ కదలికా లేకుండా చాలాసేపు నిలవ ఉంచి, గొట్టం మూతిని నున్నగా బాకాలా మలిచి, రేనాల్డ్స్ పదివేలు దాటాక కూడా రంగు దారాన్ని నిలపగలిగారు. 2000 కింద మాత్రం ఎంత కుదిపినా ఆ కుదుపును స్నిగ్ధత అణిచేస్తుంది. నీరు మళ్ళీ తన దొంతరలోకి సర్దుకుంటుంది.

అన్నీ అయ్యాక మా ప్రతిలో చివరి పేరా ఇలా తేలింది: "ద్రవం నెమ్మదిగా, సన్నటి దారిలో పోతున్నప్పుడు దాని భాగాలు దొంతరలోని పుస్తకాల్లా ఒకదాని పక్కన ఒకటి జారుతాయి. గోడను తాకిన భాగం కదలదు, నడుమ ఉన్నది అన్నిటికన్నా ముందు పోతుంది. ఎక్కడైనా చిన్న కుదుపు పుడితే లోపలి రాపిడి దాన్ని అణుస్తుంది. వేగమో వెడల్పో పెరిగి, అణిచే బలం చాలనప్పుడు కుదుపు సుడి అవుతుంది, సుడి సుళ్ళవుతుంది, పొరలు కలబోసుకుంటాయి."

దీన్ని ఫోనులో అమ్మమ్మలకు, తాతయ్యలకు చదివి వినిపించి రమ్మని పిల్లలకు చెప్పాం. ఎక్కువమంది 'దొంతర' దగ్గర ఆగలేదు. 'భాగాలు' దగ్గర ఆగి, "దేని భాగాలే?" అని అడిగారట. అందుకని ఆ వాక్యంలో 'దాని భాగాలు' తీసి 'ద్రవపు పొరలు' అని మార్చాం. మీ ఇంట్లో ఇంకెక్కడైనా ఆగితే, ఏ మాట దగ్గర ఆగారో, ఏ ఊరివారో, వాళ్ళు దాని బదులు ఏమన్నారో రాసి తెలుగు విభాగానికి పంపండి.